ముందస్తు వైద్య ఆదేశం, పాలియేటివ్ కేర్: రామగిరి కుటుంబాలు తరచూ అడిగే ప్రశ్నలు

రామగిరి, గోదావరిఖని ప్రాంతాల్లో తల్లిదండ్రుల చివరి దశ చికిత్స గురించి పిల్లలు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. మూడు మాటలను మొదటి నుంచి చివరి వరకు ఒకే అర్థంలో వాడాను. "ముందస్తు వైద్య ఆదేశం" అంటే తాను నిర్ణయం చెప్పలేని స్థితికి చేరితే ఏ చికిత్స వద్దో మనిషి ముందుగానే రాసిపెట్టే పత్రం. "ప్రతినిధి" అంటే ఆ పత్రంలో పేరు రాసిన సంరక్షకుడు లేదా దగ్గరి బంధువు. "ప్రాణాధార చికిత్స" అంటే వెంటిలేటర్ వంటి, జబ్బును నయం చేయకుండా ప్రాణాన్ని నిలిపి ఉంచే చికిత్స.

వివరణ కోసం ఒక కల్పిత ఉదాహరణ తీసుకుంటాను. తండ్రి బాయి పని చేసి రిటైరయ్యారు, వయసు 72. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి, ఇంట్లో ఆక్సిజన్ మీద ఉంటున్నారు. ఒకసారి వెంటిలేటర్ దాకా వెళ్లి బయటపడ్డారు. పెద్ద కొడుకు సింగరేణి ఉద్యోగి, చిన్న కొడుకు హైదరాబాద్‌లో, కూతురు మంచిర్యాలలో ఉంటారు.

1. ప్రాణాధార చికిత్స వద్దనడం చట్టం ప్రకారం నేరం కాదా?

నిర్ణీత పద్ధతి పాటిస్తే కాదు. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా మరణించే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని చెప్పింది, ముందస్తు వైద్య ఆదేశాన్ని గుర్తించింది. ఆ తీర్పులోని పద్ధతి ఆచరణలో సాగేది కాదని తేలడంతో 2023 జనవరి 24న దాన్ని సులభం చేసింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2023 పద్ధతే. 2018 నాటి నమూనాలు ఇంకా చేతులు మారుతున్నాయి. మేజిస్ట్రేటు సంతకం కావాలని మీ చేతికొచ్చిన నమూనాలో ఉంటే అది పాతది.

ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మాత్రం ఇప్పటికీ నేరమే. ముందస్తు వైద్య ఆదేశంలో అలా రాసినా చెల్లదు. అవయవదానం కోసం కూడా ఈ దారి లేదు. 2004లో హైదరాబాద్ చెస్ క్రీడాకారుడు వెంకటేశ్ కండరాల క్షీణతతో చివరి దశలో ఉన్నప్పుడు, అవయవాలు పనికొచ్చే స్థితిలో ఉండగానే వాటిని తీసుకునేందుకు అనుమతించాలని తల్లి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టును కోరారు. మెదడు మరణం నిర్ధారణ కాకముందు చట్టం ఒప్పుకోదు కనుక కోర్టు అనుమతించలేదు. ఆ నిబంధన నేటికీ మారలేదు.

2. నాన్న స్పృహలో ఉన్నారు, వెంటిలేటర్ వద్దంటున్నారు. అయినా పత్రం కావాలా?

ఆ క్షణానికి అక్కర్లేదు. పరిణామాలు తెలిసిన మేజరైన మనిషి తనకు ఏ చికిత్స వద్దో తానే చెప్పవచ్చు. డాక్టరు ఆ మాటను కేసు షీటులో రాసి సంతకం తీసుకోవాలి. రాశారో లేదో అడిగి చూసుకోండి. పిల్లలు ఆ మాటను మార్చలేరు. ముందస్తు వైద్య ఆదేశం అవసరమయ్యేది ఆయన మాట్లాడలేని, అర్థం చేసుకోలేని రోజున. దాన్ని రాయవలసింది మాత్రం ఈ రోజున.

3. ఈ సంగతి నాన్నతో ఎలా మొదలుపెట్టాలి?

చావు గురించి అడగకండి. జరిగినదాని గురించి అడగండి. మన ఉదాహరణలో కూతురు ఇలా అడగవచ్చు: "బాపూ, మొన్న దవఖానల నోట్లె గొట్టం బెట్టిన్రు గదా, నీకు ఎట్లనిపించింది? మళ్ల అట్లయితే ఏం జెయ్యమంటవ్?" అనుభవించిన కష్టం గురించి మనిషికి స్పష్టమైన అభిప్రాయం ఉంటుంది. చాలామంది పెద్దలు ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటారు, పిల్లలు బాధపడతారని నోరు విప్పరు.

ఆ మాటల్లో మూడు విషయాలు తేలాలి. ఏ చికిత్సను భరించడానికి సిద్ధం, దేనికి సిద్ధం కాదు అన్నది మొదటిది. చివరి రోజులు ఇంట్లోనా, ఆసుపత్రిలోనా అన్నది రెండవది. తాను చెప్పలేని రోజు తన తరఫున ఎవరు మాట్లాడాలన్నది మూడవది. "అంత మీ ఇష్టం బిడ్డా" అన్న జవాబు తరచూ వస్తుంది. అది ప్రేమతో అన్న మాటే కానీ ఆదేశం కాదు. దాన్ని చూపించి ఏ డాక్టరూ వెంటిలేటర్ తీయలేడు. అప్పుడు అడగవలసింది, "మా ముగ్గురిలో ఎవరి ఇష్టం, బాపూ?" అని. దానికి వచ్చే పేరే ప్రతినిధి పేరు.

ఒక జాగ్రత్త. పిల్లలందరూ కూర్చున్న చోట ఒకసారైనా ఆయన ఈ మాట చెప్పాలి. ఆసుపత్రుల్లో గొడవలు ఎక్కువగా మొదలయ్యేది దూరం నుంచి ఆఖరున వచ్చిన సంతానంతోనే.

4. ముందస్తు వైద్య ఆదేశం ఎవరు రాయవచ్చు? నాన్న తరఫున మేము రాయవచ్చా?

18 ఏళ్లు నిండి, మతి స్థిమితంగా ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయగల వ్యక్తి మాత్రమే రాయవచ్చు. పిల్లలు తల్లిదండ్రుల తరఫున రాయలేరు, జీపీఏ ఉన్నా సరే. మతిమరుపు జబ్బు మొదలై ఉంటే, ఆ రోజున విషయం అర్థం చేసుకోగల స్థితిలో ఉన్నారని డాక్టరు రాసిన కాగితం జతచేయడం మంచిది. జబ్బు ముదిరి ఆ స్థితి దాటిపోతే 10వ ప్రశ్నలోని దారి ఒక్కటే మిగులుతుంది.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కింద కూడా ముందస్తు ఆదేశం ఒకటుంది. అది మానసిక వ్యాధి చికిత్సకు సంబంధించింది, దీనికి పనికిరాదు. ఆస్తి వీలునామాలో ఈ కోరిక రాయడం కూడా దండగే, ఎందుకంటే వీలునామా తెరిచేది మరణం తర్వాత.

5. అందులో ఏమి రాయాలి?

సుప్రీంకోర్టు ఒకే నమూనాను నిర్బంధం చేయలేదు. తెలుగులో రాయవచ్చు. స్టాంపు పేపరు కావాలని తీర్పులో లేదు. అయితే ఇవి తప్పక ఉండాలి: ఏ పరిస్థితిలో ఏ చికిత్స ఆపాలో లేదా మొదలుపెట్టకూడదో స్పష్టమైన మాటల్లో, పరిణామాలు అర్థమయ్యాయన్న మాట, ఎప్పుడైనా రద్దు చేసుకునే హక్కు తనకుందన్న మాట, ప్రతినిధుల పేర్లు. ప్రతినిధులుగా ఒకరికంటే ఎక్కువమందిని రాయవచ్చు.

"నన్ను ఎక్కువ కష్టపెట్టకండి" అన్న వాక్యం చెల్లదు. ఆదేశం అస్పష్టంగా ఉంటే వైద్య మండళ్లు దాన్ని అమలు చేయవు, ఆదేశం లేని రోగిగానే చూస్తాయి. మన ఉదాహరణలోని తండ్రికి ఇలా ఉండవచ్చు: "నా ఊపిరితిత్తుల జబ్బు ఇక కోలుకునే ఆశ లేని దశకు చేరిందని వైద్యులు నిర్ధారించి, నేను నిర్ణయం చెప్పలేని స్థితిలో ఉంటే, నా గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టవద్దు. అప్పటికే పెట్టి ఉంటే తొలగించవచ్చు. మాస్కుతో ఇచ్చే ఆక్సిజన్, ఆయాసం, నొప్పి తగ్గించే మందులు ఆపవద్దు." చివరి వాక్యాన్ని వదిలేయకండి. ఏది వద్దో రాసినంత స్పష్టంగా ఏది కావాలో కూడా ఉంటే, "చికిత్స మానేయమన్నారు" అని ఎవరూ అడ్డంగా చదవలేరు.

ఇద్దరు ముగ్గురు ప్రతినిధులుంటే వారి క్రమం కూడా రాయించండి. "మొదట నా కూతురు, ఆమె అందుబాటులో లేకుంటే పెద్ద కొడుకు" అన్నట్టు. క్రమం లేకపోతే ఆసుపత్రి అందరి సంతకమూ అడిగే వీలుంది.

6. సంతకాలు ఎవరివి? సింగరేణి అధికారి సంతకం సరిపోతుందా?

రాసే వ్యక్తి ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి. సాక్షులు వీలైనంతవరకు బయటివారై ఉండాలి. ప్రతినిధులను, ఆస్తిలో వాటాదారులను సాక్షులుగా పెట్టకపోవడమే క్షేమం. తర్వాత నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ, ఈ పత్రం స్వచ్ఛందంగా, బలవంతం లేకుండా రాసిందేనని తాము సంతృప్తి చెందినట్టు రాసి ధ్రువీకరించాలి. వేలిముద్ర వేసేవారైతే, చదివి వినిపించి వివరించినట్టు కింద రాయించండి.

ఇక్కడ మన ప్రాంతంలో సులువుగా జరిగే పొరపాటు ఒకటుంది. సింగరేణి అధికారులు, సంస్థ ఆసుపత్రి వైద్యులు ఎంత పెద్ద హోదాలో ఉన్నా కంపెనీ ఉద్యోగులు. వారి సంతకాన్ని గెజిటెడ్ అధికారి ధ్రువీకరణగా లెక్కించకండి. తహసీల్దారు వద్దకు గానీ నోటరీ వద్దకు గానీ వెళ్లండి. ఒకవేళ కదలలేని స్థితి అయితే నోటరీనే ఇంటికి రమ్మని కోరవచ్చు. మనిషిని చూడకుండా ముద్ర వేసే నోటరీ దొరికినా వద్దు. రేపు ఆ పత్రం ప్రశ్నకు నిలబడదు.

7. పత్రం తయారైంది. ఎవరికి ఇవ్వాలి?

ప్రతినిధులందరికీ, కుటుంబ వైద్యుడు ఉంటే ఆయనకూ నకలు ఇవ్వాలి. మరో నకలు స్థానిక సంస్థకు అందాలి. రామగిరి మండలంలోని గ్రామంలో ఉంటే గ్రామ పంచాయతీకి, గోదావరిఖనిలో ఉంటే రామగుండం నగరపాలక సంస్థకు. దాన్ని భద్రపరచే అధికారిని ఆ సంస్థ నియమించాలని తీర్పు చెబుతోంది. కౌంటరు వద్ద "మాకు అలాంటి ఆర్డరు రాలేదు" అనవచ్చు. వాదనకు దిగకండి. తీర్పు తేదీని ప్రస్తావిస్తూ ఒక కవరింగ్ లెటరు జతచేసి, తేదీ వేసిన ముద్రతో రసీదు అడగండి. తీసుకోకుంటే రసీదు వచ్చే పోస్టులో పంపి, ఆ రసీదును అసలు పత్రంతో ఉంచండి. కోరుకుంటే డిజిటల్ ఆరోగ్య రికార్డులో కూడా చేర్చవచ్చు. పత్రం అసలుదేనా అని డాక్టరు సరిచూసుకోవలసింది ఆ రికార్డులోనో, భద్రపరచే అధికారి వద్దో కనుక ఈ మెట్టు వదలకండి.

మన దగ్గర రోగి ఒకే ఆసుపత్రిలో ఉండడు. గోదావరిఖని ఏరియా ఆసుపత్రి నుంచి రెఫరల్ మీద కరీంనగర్‌కో హైదరాబాద్‌కో వెళ్తాడు. బీరువాలో ఉన్న ముందస్తు వైద్య ఆదేశం అక్కడ ఐసీయూలో ఎవరికీ కనపడదు. మెడికల్ కార్డు, రెఫరల్ కాగితాలు పెట్టే సంచిలోనే ఒక నకలు ఉంచండి. చేర్చిన రోజే కేసు షీటులో పెట్టించండి.

8. ఆసుపత్రిలో అది ఎలా అమలవుతుంది? ఎన్ని రోజులు పడుతుంది?

రోగి కోలుకునే ఆశ లేని స్థితిలో దీర్ఘ చికిత్సలో ఉండి, నిర్ణయం చెప్పలేని పరిస్థితిలో ఉంటేనే అమలవుతుంది. ఊపిరితిత్తుల జబ్బుకు నిమోనియా తోడై, మందులతో తగ్గే అవకాశం ఉంటే ఆదేశం ఇంకా వర్తించదు. అలాంటప్పుడు వెంటిలేటర్ వద్దని తొందరపడకండి. "ఎన్ని రోజులు చూద్దాం, ఏది కనిపిస్తే మెరుగుదల అనుకుందాం?" అని డాక్టరును ముందే అడిగి రాయించుకోండి.

మన ఉదాహరణలో తండ్రిని కరీంనగర్ ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద పెట్టారు. కొన్ని రోజులకు ఇక తీయలేమని తేలింది. ఆయనకు స్పృహ లేదు. కూతురు పత్రం చూపింది. డాక్టరు అది అసలుదేనని సరిచూసుకున్నాక ఆసుపత్రి ప్రాథమిక వైద్య మండలిని ఏర్పాటు చేస్తుంది. అందులో చికిత్స చేస్తున్న డాక్టరు, కనీసం ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు ఉంటారు. వీలైనంతవరకు 48 గంటల్లో వారు అభిప్రాయం చెప్పాలి. సరేనంటే ద్వితీయ వైద్య మండలి ఏర్పడుతుంది. జిల్లా ప్రధాన వైద్యాధికారి నియమించిన ఒక డాక్టరు, మొదటి మండలిలో లేని ఇద్దరు నిపుణులు అందులో ఉంటారు. వారికీ వీలైనంతవరకు 48 గంటలే. ఆదేశంలోని మాటలకు లోబడి ప్రతినిధి రాతపూర్వక సమ్మతి తీసుకుంటారు. ఆ తర్వాత ఆసుపత్రి ఫస్ట్ క్లాస్ జ్యుడిషియల్ మేజిస్ట్రేటుకు నిర్ణయాన్ని తెలియజేసి వెంటిలేటర్ తొలగిస్తుంది. ఇది సమాచారం మాత్రమే, అనుమతి కోరడం కాదు.

48 గంటలు "వీలైనంతవరకు" అన్న మాటతో ఉన్నాయని గమనించండి. రెండు మండళ్లకూ సరిపడా నిపుణులు చిన్న ఆసుపత్రుల్లో ఉండకపోవచ్చు. అందుకే రోగిని చేర్చే రోజే అడగండి: "మీ దగ్గర ఈ మండళ్లు ఉన్నాయా?" మండలి ఒప్పుకోకపోతే ప్రతినిధి, చికిత్స చేస్తున్న డాక్టరు లేదా ఆసుపత్రి సిబ్బంది రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టును ఆశ్రయించవచ్చు.

9. అవన్నీ ఎందుకు, సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకుంటే పోదా?

ఇదే మన దగ్గర ఎక్కువగా జరుగుతున్నది. "డాక్టరు సలహాకు విరుద్ధంగా తీసుకుపోతున్నాం" అన్న కాగితం మీద సంతకం చేసి, అంబులెన్సులో గాలి సంచి నొక్కుతూ తెచ్చి, గుమ్మం దగ్గర గొట్టం తీస్తారు. రోగిని తీసుకుపోయే హక్కు కుటుంబానికి ఉంది. నా అభ్యంతరం వేరు. ఆ సంతకంతో ఆసుపత్రి బాధ్యత తీరిపోతుంది. ఆయాసానికి, గొంతులో గురకకు, ఆందోళనకు మందు చీటీ లేకుండా మనిషి ఇల్లు చేరతాడు. చివరి గంటలు ఊపిరాడక గడుస్తాయి. గొట్టం తీసినవాడికి చట్టం ఏ రక్షణా ఇవ్వదు. అదే తొలగింపు 8వ ప్రశ్న పద్ధతిలో ఆసుపత్రిలో జరిగితే ముందు ఆయాసం మందులు ఇచ్చి తీస్తారు.

ఇంటికే తేవాలనుకుంటే ముందు ఆ పద్ధతిలో నిర్ణయం చేయించి, మందులు, చీటీ, పాలియేటివ్ కేర్ బృందం ఫోను నంబరు తీసుకుని డిశ్చార్జి రాయించుకోండి. డిశ్చార్జి తర్వాత వైద్య రికార్డుల నకళ్లు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి.

10. ముందస్తు వైద్య ఆదేశం లేకపోతే?

దారి మూసుకుపోదు. రెండు మండళ్లూ, మేజిస్ట్రేటుకు సమాచారమూ అవే. తేడా ఏమిటంటే ప్రతినిధి చోట దగ్గరి బంధువులు లేదా సంరక్షకుల రాతపూర్వక సమ్మతి తీసుకుంటారు. అందరూ ఏకమాట మీద ఉంటేనే అది సాఫీగా సాగుతుంది. రోగి గతంలో ఏమన్నాడో ఎవరెవరి ఎదుట అన్నాడో గుర్తుంటే డాక్టర్లతో చెప్పండి, మండలి చర్చలో అది రాయించండి.

గుండె ఆగితే ఛాతీ నొక్కి లేపే ప్రయత్నం చేయకూడదన్నది వేరే నిర్ణయం. దానికి భారత వైద్య పరిశోధన మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. చికిత్స చేస్తున్న డాక్టరు రోగితో లేదా కుటుంబంతో మాట్లాడి ఫారం నింపుతారు. ఆ ఫారం ఉందంటే మిగతా చికిత్స ఆపమని అర్థం కాదు.

11. పాలియేటివ్ కేర్ అంటే ఇక చేయగలిగింది లేదనా?

కాదు. నయం చేసే చికిత్సతో పాటే మొదలుపెట్టవచ్చు. నొప్పి, ఆయాసం, వాంతులు, మలబద్ధకం, పడక పుండ్లు, నోటి పొడి, నిద్ర లేమి, భయం దాని పని. మన ఉదాహరణలోని తండ్రికి అది ఇలా ఉంటుంది: వీపు వెనుక దిండ్లు పెట్టి ముందుకు వంగి కూర్చోబెట్టడం, ముఖానికి ఫ్యాను గాలి తగిలేలా చూడడం, అవసరమైనంత ఆక్సిజన్, తక్కువ మోతాదులో నోటి ద్వారా మార్ఫిన్.

మార్ఫిన్ పేరు చెప్పగానే ఇంట్లో భయం మొదలవుతుంది. డాక్టరు మోతాదును మెల్లగా పెంచుతూ ఇస్తే అది ఆయాసాన్ని తగ్గిస్తుంది, ప్రాణం తీయదు. దాని వల్ల దాదాపు అందరికీ మలబద్ధకం వస్తుంది, కాబట్టి విరేచనం మందు మొదటి రోజే తోడుగా రాయించుకోండి. మరీ మత్తుగా ఉండి లేపినా లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా తర్వాతి డోసు ఆపి వెంటనే డాక్టరును పిలవండి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దీన్ని ఉంచుకునే పద్ధతిని సులభం చేశారు. అయినా ఇది ప్రతి మందుల దుకాణంలో దొరకదు. చీటీ ఎప్పుడూ మందుతోనే ఉంచండి, ఇతరులకు ఇవ్వకండి, మిగిలింది ఇచ్చిన సంస్థకే తిరిగి అప్పగించండి.

చివరి రోజుల్లో తిండి మానేయడం చూసి ముక్కు గొట్టం వేయమని పట్టుబట్టేవారు చాలామంది. ఆ దశలో శరీరం ఆహారాన్ని తీసుకోలేదు. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పెదవులు, నోరు తడిపి ఉంచడమే అప్పటి సేవ.

12. ఇది ఎక్కడ దొరుకుతుంది?

తెలంగాణలో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల స్థాయిలో పాలియేటివ్ కేర్ కేంద్రాలు, ఇంటికి వచ్చి చూసే బృందాలు ఏర్పాటయ్యాయి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో చాలా ఏళ్లుగా ఈ విభాగం ఉంది. జిల్లా ఆసుపత్రిలో మూడు మాటలు అడగండి: ఇంటి సందర్శన మా మండలానికి ఏ రోజు? నోటి మార్ఫిన్ ఉందా? రాత్రి ఆయాసం పెరిగితే ఏ నంబరుకు ఫోను చేయాలి? సింగరేణి మెడికల్ కార్డు ఉన్నవారు ఇంటి దగ్గరి సేవకు, ఆక్సిజన్ యంత్రానికి తమ పథకం ఎంతవరకు వర్తిస్తుందో ఏరియా ఆసుపత్రిలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. నోటి మాట బిల్లు దగ్గర పనికిరాదు.

13. నాన్న మనసు మార్చుకుంటే?

ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. అది రాతపూర్వకంగా ఉండాలి. మార్పుకు కూడా సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ అవసరం. రెండు ఆదేశాలుంటే చివరగా సంతకం చేసిందే చెల్లుతుంది. పాత నకళ్లను అందరి దగ్గర నుంచి వెనక్కి తీసుకోండి, పంచాయతీకి కొత్తది ఇచ్చి మళ్లీ రసీదు పొందండి.

14. ఇంట్లోనే మరణిస్తే ఏ కాగితాలు కావాలి?

జబ్బుతో, ఊహించిన విధంగా ఇంట్లో జరిగిన మరణానికి పోలీసుల అవసరం ఉండదు. చివరి జబ్బులో చూసిన డాక్టరు మరణ కారణ ధ్రువపత్రం ఉచితంగా ఇవ్వాలి. పాలియేటివ్ కేర్ బృందం పరిచయంలో ఉంటే ఇది తేలిక. మరణాన్ని 21 రోజుల్లోగా గ్రామంలోనైతే పంచాయతీలో, గోదావరిఖనిలోనైతే నగరపాలక సంస్థలో నమోదు చేయించండి. గడువు దాటితే ఆలస్య రుసుము, ఆపై అధికారుల అనుమతి కావలసి వస్తుంది. తల్లికి రావలసిన బొగ్గుగని పింఛను దరఖాస్తుకు ఆ ధ్రువపత్రమే మొదటి కాగితం కనుక, పేరు సర్వీసు రికార్డులో, పింఛను పుస్తకంలో ఉన్నట్టే ఉందో లేదో నమోదు చేసేటప్పుడే సరిచూసుకోండి.